సాకెట్ ఒకటైతే చాలన్న ఫార్వర్డ్ మెసేజ్‌కి జవాబు

"సాకెట్ పేరు ఒకటైతే చాలు ఫ్రెండ్స్, కళ్లు మూసుకుని కొనేయండి. ప్రాసెసర్ బెజవాడలో తక్కువైతే అక్కడ, బోర్డు గుంటూరులో తక్కువైతే అక్కడ. బయాస్ పాతదైతే ఇంటికి తెచ్చుకున్నాక అప్‌డేట్ చేసుకోవచ్చు. సెట్ కాకపోతే షాపువాళ్లే మార్చి ఇస్తారు."

మొదటి మాట సగమే నిజం. సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. సాకెట్ పేర్లు వేరైతే పనిచేయదన్నది ఖాయం. ఒకటే అయినంత మాత్రాన పనిచేస్తుందని మాత్రం ఖాయం లేదు. ఎల్‌జీఏ 1151నే చూడండి. ఇంటెల్ 7వ తరం ఐ5-7400కీ అదే పేరు, 8వ తరం ఐ5-8400కీ అదే పేరు. ఈ రెండోదాన్ని హెచ్110 బోర్డులో పెడితే గాట్లు చక్కగా కలుస్తాయి, లీవర్ కూడా బిగుసుకుంటుంది. స్విచ్ వేస్తే మానిటర్ మీద ఏమీ రాదు. ఎందుకంటే 8వ తరంలో ఇంటెల్ ఆ 1151 కాంటాక్టుల్లో, అంతకుముందు వాడకుండా వదిలేసిన కొన్నింటిని కరెంటుకీ గ్రౌండ్‌కీ కేటాయించింది. కాబట్టి 6, 7 తరాలకి హెచ్110, బీ250 లాంటి 100, 200 సిరీస్ బోర్డులు కావాలి. 8, 9 తరాలకి హెచ్310, బీ365 లాంటి 300 సిరీస్ బోర్డులు కావాలి. సెకండ్ హ్యాండ్‌లో విడివిడిగా కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పిన్‌లకి టేపు అంటించి, మార్చిన బయాస్‌తో నడిపించే వీడియోలు ఉన్నాయి కానీ, వాడుకోవడానికి కొనేవాళ్లకి ఆ తలనొప్పి దేనికి?

చూడాల్సింది సాకెట్ పేరు కాదు, బోర్డు పూర్తి పేరు. 11వ తరం ఐ5-11400 మామూలు హెచ్410 బోర్డులో నడవదు. అదే హెచ్410లో పేరు చివర వీ2 అని ఉన్న కొన్ని బోర్డుల్లో నడుస్తుంది. అందుకే షాపువాళ్లని "హెచ్410 ఉందా" అని అడిగి ఊరుకోకుండా, బాక్సు మీదున్న పేరు, రివిజన్ నంబరుతో సహా ఫొటో తీసి పంపమనండి. ఆ పేరుతో తయారీ కంపెనీ సైట్లో Support కింద CPU Support జాబితా తెరవండి. మీ ప్రాసెసర్ పేరు అందులో లేకపోతే ఆ బోర్డు సంగతి మర్చిపోండి. ఉంటే, అదే వరసలో ఏ బయాస్ వెర్షన్ నుంచి నడుస్తుందో రాసి ఉంటుంది. దాన్ని రాసిపెట్టుకోండి.

ఇక బయాస్ సంగతి. స్విచ్ వేయగానే బోర్డు మొదట నడిపించే ప్రోగ్రామే బయాస్. బెజవాడ గవర్నర్‌పేటలో ఏఎమ్‌డీ ప్రాసెసర్ రైజెన్ 5 5600, గుంటూరు అరండల్‌పేటలో పాత స్టాకు బీ450 బోర్డు కొన్నారనుకుందాం. రెండూ ఏఎమ్4 సాకెట్టే, జాబితాలో పేరూ ఉంది. కానీ బీ450 వచ్చింది 2018లో, ఈ ప్రాసెసర్ వచ్చింది 2022లో. బోర్డులో పాత బయాస్ ఉంటే అది ఈ ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. గుర్తుపట్టకపోతే బయాస్ స్క్రీనే రాదు, అప్‌డేట్ ఎక్కడి నుంచి చేస్తారు? దానికి రెండే దారులు. బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో చేయొచ్చు. పెన్‌డ్రైవ్ FAT32లో ఫార్మాట్ చేసి, ఫైలుకి మాన్యువల్లో చెప్పిన పేరే పెట్టి, పవర్ సప్లై తగిలించి బటన్ నొక్కాలి. లైటు మినుకుమినుకుమంటున్నంతసేపూ కరెంటు పోకూడదు కాబట్టి యూపీఎస్ మీద చేయండి. ఆ బటన్ లేకపోతే రైజెన్ 2600 లాంటి పాత ప్రాసెసర్ ఒకటి పెట్టి అప్‌డేట్ చేయాలి. అది షాపులో దొరుకుతుంది, మీ ఇంట్లో ఉండదు. కాబట్టి డబ్బు కట్టకముందే ఆ పని బోర్డు అమ్మేవాళ్లతోనే చేయించుకోండి.

ఈ కేసులోనే ఇంకో తిరకాసు ఉంది. 5600లో గ్రాఫిక్స్ లేవు. అంతా సరిగ్గా ఉన్నా, విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టకుండా బోర్డు హెచ్‌డీఎమ్ఐకి మానిటర్ తగిలిస్తే ఏమీ కనిపించదు. అది చూసి బోర్డు పోయిందనుకుని వెనక్కి తిరిగేవాళ్లున్నారు. బోర్డు మీద సీపీయూ అని రాసున్న చిన్న లైటు వెలిగి అలాగే నిలిచిపోతే ప్రాసెసర్‌నో బయాస్‌నో అనుమానించాలి. వీజీఏ లైటు నిలిస్తే చూడాల్సింది గ్రాఫిక్స్ కార్డుని.

మార్చి ఇస్తారన్న మాటకి వస్తే, ప్రాసెసర్ షాపువాళ్లు బోర్డు బాలేదంటారు, బోర్డు షాపువాళ్లు ప్రాసెసర్ బాలేదంటారు. మధ్యలో 30 కిలోమీటర్ల పైనే తిరిగేది మీరు. పైగా ఇంటెల్ 1151, 1200, 1700 బోర్డుల్లో పిన్‌లు సాకెట్లోనే ఉంటాయి. ఒక్కటి వంగినా "మీరే వంచారు" అంటారు, కాదని చూపించడం కష్టం. కౌంటర్ దగ్గరే ప్లాస్టిక్ మూత తీయించి, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి చూడండి. వరసలన్నీ ఒకేలా మెరవాలి. ఎక్కడైనా మెరుపు తెగితే అక్కడ పిన్ వంగినట్టే. ఫొటో తీసుకోండి, ఆ మూత పారేయకండి, వారంటీకి పంపేటప్పుడు అది సాకెట్ మీద ఉండాలి. ఏఎమ్4లో పిన్‌లు ప్రాసెసర్‌కి ఉంటాయి కాబట్టి అక్కడ ప్రాసెసర్‌ని తిప్పి చూడాలి.

రెండు షాపుల్లో కొనక తప్పదంటే ముందు ప్రాసెసర్ తీసుకుని, దాన్ని బోర్డు షాపుకి పట్టుకెళ్లండి. ర్యామ్, పవర్ సప్లై వాళ్ల దగ్గరే ఉంటాయి, 5600 అయితే గ్రాఫిక్స్ కార్డు కూడా పెట్టమనండి. బయాస్ స్క్రీన్ మీద ప్రాసెసర్ పేరు, మీరు రాసుకున్న వెర్షన్ లేదా దానికంటే కొత్తది కనిపించాక బిల్లు వేయించుకోండి.