పేరు అడగాల్సింది పడక దగ్గరే

ఓ ఆసుపత్రి మహిళల వార్డు. పక్కపక్క పడకల మీద ఇద్దరు వెంకటలక్ష్ములు ఉన్నారనుకుందాం. ఒకరిది ఓ పాజిటివ్, మరొకరిది బి పాజిటివ్. ఓ గ్రూపు ఆమెకు తెల్లారితే ఆపరేషన్. రక్తం సిద్ధంగా ఉంచాలి. ట్యూబు మీద పేరు, ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఐపీ నంబరు ముందే రాసుకొచ్చిన సిస్టర్ 'వెంకటలక్ష్మేనా అమ్మా?' అని అడుగుతుంది. మగతలో ఉన్న పక్క పడక ఆమె 'ఊఁ' అంటుంది. సూది ఆమె చేతికే పడుతుంది.

ఆ తర్వాత ఎవరి పని వారు సక్రమంగా చేసినా ప్రమాదం ఆగదు. బ్లడ్ బ్యాంకులో ట్యూబులోని రక్తాన్ని పరీక్షిస్తే బి అని తేలుతుంది. ఎక్కించబోయే బి రక్తంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ చేస్తే చక్కగా కుదురుతుంది. ఆపరేషన్ చేయించుకునే ఆమె గ్రూపు పాత రికార్డుల్లో లేకపోతే ల్యాబుకు అనుమానం వచ్చే వీలే లేదు. ఓ గ్రూపు వారి ఒంట్లో బి కణాలను ధ్వంసం చేసే యాంటీబాడీలు సహజంగానే ఉంటాయి. మెలకువగా ఉన్నవారైతే వణుకు, నడుం నొప్పి అని చెబుతారు. ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్నామె ఏం చెబుతుంది? బీపీ పడిపోవడం, మూత్రం ఎర్రబడటం, కోసినచోట రక్తం ఆగకపోవడం చూసి డాక్టర్లే గ్రహించాలి.

మందు, రక్తం, పరీక్ష ఏదైనా కనీసం రెండు గుర్తులు సరిచూడాలనీ, గది నంబరు అందులో ఒకటి కాకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. పడక నంబరుదీ అదే సంగతి, పడకలు మారుతుంటాయి. రెండో గుర్తుగా పుట్టినతేదీని చాలాచోట్ల వాడతారు. మన పెద్దవాళ్లలో ఎంతోమందికి ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది కాబట్టి, పేరుతో పాటు చేతి పట్టీ మీది ఐపీ నంబరే నమ్మదగినదని మా అభిప్రాయం.

అడిగే తీరూ మారాలి. 'మీ పేరేంటమ్మా?' అని రోగి నోటే చెప్పించాలి. చెప్పలేని స్థితిలో ఉంటే వెంట ఉన్నవారిని అడగాలి. ఆ పేరును, పట్టీ మీది నంబరును రక్తం కోరుతూ రాసిన రిక్విజిషన్‌తో పోల్చాలి. పడకకు వేలాడే కేస్ షీట్‌తో పోల్చితే చాలదు, అది కూడా పక్కామెది కావచ్చు. రక్తం తీశాకే, రోగి పక్కనే నిలబడి, ట్యూబు మీద రాయాలి. అది ముగిశాకే రెండో రోగి దగ్గరికి వెళ్లాలి.

పాత రికార్డు లేనివారికి వేరే సమయంలో, వీలైతే మరొకరు తీసిన రెండో శాంపిల్‌తో గ్రూపు ఖరారు చేసే పద్ధతి బ్రిటన్‌లో ఉంది. అత్యవసరంలో రక్తం ఆలస్యం కానంతవరకు దాన్ని ఇక్కడా పాటించాలి. నైట్ డ్యూటీలో ఒకే సిస్టర్‌కు వార్డంతా అప్పగించి ఇవన్నీ చేయమనడం అన్యాయం. చేరేటప్పుడే ప్రతి రోగికీ అచ్చు వేసిన పట్టీ కట్టే ఏర్పాటు, రాత్రి పూట అదనంగా మరో సిస్టర్, ఈ రెండింటికీ యాజమాన్యాలు, ప్రభుత్వాలు డబ్బు కేటాయించాలి.