రేబతి పక్కన కమలిని

భారతీయ కథల అనువాద సంకలనాలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. భాషకో కథ, కథకో రచయిత, చివర నాలుగు వాక్యాల పరిచయం. తెలుగు కథ ఒక్కటే చదువుకున్న పాఠకుడికి ఇలాంటి పుస్తకం చేసే మేలు తక్కువని నా అభిప్రాయం. కథలు చెడ్డవని కాదు. చాసో కథ చదివేటప్పుడు కొడవటిగంటి గుర్తొస్తాడు, రావిశాస్త్రి గుర్తొస్తాడు. ఏది కొత్తగా చెప్పాడో, ఏది అందరూ చెప్పిందో మనకు తెలుస్తుంది. అస్సామీ నుంచో గుజరాతీ నుంచో ఒంటరిగా వచ్చిన కథకు అలాంటి చుట్టాలెవరూ మనకు తెలియరు. దాంతో ఆ ఒక్క కథే ఆ భాష మొత్తానికి ప్రతినిధి అయి కూర్చుంటుంది.

అందుకే వరస మార్చి చదవమంటాను. పక్క భాష కథను మనకు బాగా తెలిసిన తెలుగు కథ పక్కన పెట్టుకోవాలి. ఆ కథ నచ్చితే భాష మార్చకుండా అదే రచయితను ఇంకా చదవాలి.

ఫకీర్ మోహన్ సేనాపతి ‘రేబతి’ 1898లో వచ్చింది. ఒడియాలో తొలి ఆధునిక కథగా దాన్ని లెక్కిస్తారు. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటిది. మన దగ్గర తొలి కథ ఏదన్న పేచీ ఇంకా తెగలేదు. భండారు అచ్చమాంబ కథలు గురజాడ కంటే ముందువి. ఆ పేచీ కంటే నాకు ఆసక్తి కలిగించేది మరొకటి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం, విశాఖపట్నం జిల్లాలు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. అంత దగ్గరి ఇరుగుపొరుగు భాషల్లో, పన్నెండేళ్ల తేడాతో, ఇద్దరు రచయితలు ఆడపిల్ల చదువు మీదే కథ రాశారు.

‘దిద్దుబాటు’లో ఆ చదువు గొడవ కథ మొదలయ్యేసరికే తీరిపోయింది. కమలినికి చదువొచ్చు. సానిపాటకు వెళ్లి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన భర్త గోపాలరావుకు ఆమె ఉత్తరం రాసిపెట్టింది. ‘ప్రియా’ పోయి ‘అయ్యా’ అన్న సంబోధన చూడగానే అతనికి గుండె జారింది. ఆడవాళ్లు చదువుకుంటే ఏమవుతుందని నౌకరు రాముడు అడిగినప్పుడు విద్య నేర్చిన స్త్రీ ఎంత గొప్పదో ఉపన్యాసం ఇచ్చేది కూడా ఆ గోపాలరావే. ఒక రాత్రి, ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు. చివరికి కమలిని మంచం కిందనుంచి బయటపడుతుంది, నవ్వుతో అంతా సర్దుకుంటుంది.

‘రేబతి’ కటక్ ప్రాంతంలోని ఒక పల్లెటూరి కథ. పదేళ్ల పిల్లకు తండ్రి శ్యామబంధు చదువు చెప్పించాలనుకుంటాడు. బడిపంతులు వాసుదేవుడు సాయంత్రాలు వచ్చి చెబుతుంటాడు. ఆడపిల్లకు వంట, పిండివంటలు, ముగ్గులు వస్తే చాలదా అని నాయనమ్మ గొణుగుడు. ఇంతలో కలరా వస్తుంది. తండ్రి పోతాడు, తల్లి పోతుంది. జమీందారు మనుషులు పాడి ఆవులను తోలుకుపోతారు. పిల్లలను పరీక్షకు తీసుకెళ్లిన పంతులు కలరాతో దారిలోనే పోతాడు. జ్వరంతో రేబతి, ఆమె వెంటే నాయనమ్మ. పిల్ల చదువే ఇంటికి అరిష్టం తెచ్చిందని ముసలామె నమ్మకం. “నిప్పు, పొయ్యి” అంటూ మనవరాలిని తిట్టిన ఆమె గొంతుతోనే కథ ముగుస్తుంది.

సంస్కరణ కథలకు అలవాటుపడ్డ తెలుగు పాఠకుడు ఇక్కడ తికమకపడతాడు. మన కథల్లో చదువుకు ఏదో ఒక ఫలం దక్కుతుంది. ఇక్కడ చదువుకున్న పిల్ల చచ్చిపోయింది, చదువు వద్దన్న మాట చివరిదాకా వినబడుతూనే ఉంది. ఇంతకీ రచయిత ఎటువైపు? ఈ ఒక్క కథతో ఆగితే ముసలామెను దుర్మార్గురాలనుకోవచ్చు, లేదా సేనాపతే చదువుకు వ్యతిరేకి అనుకోవచ్చు. రెండూ తప్పే.

1902లో పుస్తకంగా వచ్చిన ఆయన నవల ‘ఛ మాణ ఆఠ గుంఠ’ తెరిస్తే చిక్కు విడుతుంది. ఊరి భూములు మింగే రామచంద్ర మంగరాజును ఆ నవలలో కథకుడు మొదట్లో మహా భక్తుడని పొగుడుతాడు. ఏకాదశి ఉపవాసాలు తప్పడంటాడు. ఆ వెంటనే, ఏకాదశి రాత్రులు ఆయన గదిలో పెట్టే పాలూ అరటిపళ్ల సంగతి, తెల్లారేసరికి అవి ఖాళీ అయ్యే సంగతి అమాయకంగా బయటపెడతాడు. ఊళ్లో చెప్పుకునే మాటను ఊరివాడి గొంతుతోనే చెప్పి, తాను పూచీ పడకుండా తప్పుకోవడం సేనాపతి పద్ధతి. ఇది తెలిశాక నాయనమ్మ మాట రచయిత తీర్పు కాదని, ఒక ఊరు చావులకు కారణం ఎలా వెతుక్కుంటుందో వినిపించడమని అర్థమవుతుంది. భాషకో కథ చొప్పున ఏరిన సంకలనం ఈ తాళంచెవి ఇవ్వలేదు. ఒకే రచయిత కథలు ఒకచోట ఉంటే ఇస్తుంది.

ఇక అనువాదం. మన దగ్గరికి వచ్చే కథల్లో హిందీ మీదుగానో ఇంగ్లీషు మీదుగానో వచ్చినవి ఉంటాయి. మూల భాష తెలియనివాడు వీటిని పట్టుకోవడం ఎలా? లోపలి పేజీలో ఏ భాష నుంచి చేశారో, మూలకథ ఏ ఏడాదిదో రాశారా అని ముందు చూడాలి. రెండూ లేకపోతే నాకు అనుమానమే. ఆ తర్వాత సంభాషణలు. ‘దిద్దుబాటు’లో రాముడిది ఉత్తరాంధ్ర పలుకు, గోపాలరావుది చదువుకున్నవాడి మాట, కమలిని ఉత్తరం గ్రాంథికం. ముగ్గురూ మూడు రకాలుగా మాట్లాడే కథ మనకు 1910లోనే ఉంది. అలాంటప్పుడు రేబతి నాయనమ్మా బడిపంతులూ ఒకే పాఠ్యపుస్తకపు తెలుగు మాట్లాడితే ఆ అనువాదంలో గొంతులు చచ్చిపోయాయన్నట్టే. రెండు భాషలు దాటే ప్రయాణంలో మొదట పోయేది ఇదే. కథాంశం ఎలాగూ దాటేస్తుంది.

ఒకే రచయిత సంపుటి ఏం చేయగలదో ఇటీవల కన్నడం చూపించింది. బాను ముష్తాక్ 1990 నుంచి 2023 మధ్య రాసిన కథల్లోంచి పన్నెండింటిని దీపా భాస్తి ఎంచి ఇంగ్లీషు చేసిన ‘హార్ట్ ల్యాంప్’ 2025లో అంతర్జాతీయ బుకర్ గెలిచింది. కథల సంపుటికి ఆ బహుమతి రావడం అదే మొదలు. పక్క రాష్ట్రం హాసన్‌లో ఉన్న రచయిత్రి పేరు మనలో చాలామందికి లండన్ నుంచి తెలియడం గురించి ఎంతైనా వాపోవచ్చు, కానీ కథల్లోకి వెళ్దాం.

సంపుటికి పేరిచ్చిన కథలో మెహ్రున్ భర్త మరో స్త్రీ దగ్గరికి వెళ్తున్నాడని తెలిసి చంటిబిడ్డతో పుట్టింటికి వస్తుంది. అన్నదమ్ములు పరువు పోతుందని ఆమెను తిరిగి భర్త ఇంట్లో దింపి వస్తారు. ఆ రాత్రి ఆమె కిరోసిన్ పోసుకుంటుంది. పెద్ద కూతురు సల్మా ఆపుతుంది. భర్త తిరుగుళ్లతో మొదలైన గొడవే ఇదీను. కమలిని కూడా పుట్టింటికి వెళ్తున్నానని రాసింది. గోపాలరావు బెదిరిపోయాడంటే ఆ ఇంటి తలుపు తెరిచే ఉంటుందని అతనూ నమ్మాడు, పాఠకుడూ నమ్మాడు. గురజాడ హాస్యం నిలబడింది ఆ నమ్మకం మీదే. కమలిని నిజంగానే బండెక్కి ఉంటే వాళ్లు ఆమెను ఉంచుకునేవాళ్లా, ఎన్నాళ్లు ఉంచుకునేవాళ్లు అన్న ప్రశ్న మెహ్రున్ కథ చదివాకే ‘దిద్దుబాటు’ను అడగగలం.