మ్యాచింగ్‌ను పారేస్తే హామీ ఎక్కడిది?

వెర్టెక్స్ కవర్ సమస్యకు రెండు రెట్ల ఉజ్జాయింపు అల్గారిథమ్‌ను మన తరగతుల్లో చెప్పే తీరు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. బోర్డు మీద నాలుగు వరుసల కోడు రాస్తారు. "దీని జవాబు అసలు జవాబుకు రెండింతలు వస్తుంది" అంటారు. అక్కడితో అధ్యాయం ముగుస్తుంది. ఆ వాక్యమే తప్పు. రెండింతలు వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు, రెండింతలు దాటదనే హామీ ఇచ్చారు. ఈ తేడా పట్టుబడని విద్యార్థి తరువాత ఏ ఉజ్జాయింపు అల్గారిథమ్‌నైనా "సగం సరైన జవాబు" అనే లెక్కలోనే చూస్తాడు.

సమస్య ఏమిటో ముందు చెప్పుకుందాం. ఒక పట్టణంలో వీధులు, కూడళ్లు ఉన్నాయి. కూడలిలో కెమెరా పెడితే అక్కడ కలిసే వీధులన్నీ కనిపిస్తాయి. ప్రతి వీధీ ఏదో ఒక కెమెరాకు కనిపించాలి, కెమెరాలు వీలైనంత తక్కువ ఉండాలి. కూడళ్లను శీర్షాలుగా, వీధులను అంచులుగా గీస్తే అదే కనిష్ఠ వెర్టెక్స్ కవర్. 1972లో రిచర్డ్ కార్ప్ ప్రకటించిన 21 కఠిన సమస్యల జాబితాలో ఇదీ ఉంది. అన్ని గ్రాఫులకూ కచ్చితమైన జవాబును త్వరగా ఇచ్చే పద్ధతి ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు.

ఫానికా గావ్రిల్, మిహాలిస్ యన్నకాకిస్ విడివిడిగా కనుగొన్నట్టు పుస్తకాలు చెప్పే పద్ధతి చాలా చిన్నది. అంచులను ఒక్కొక్కటిగా చూస్తూ పోవాలి. ఒక అంచు రెండు చివరల్లో ఏదీ ఇంకా ఎంపిక కాకపోతే, ఆ రెండు చివరలనూ తీసుకోవాలి. లేదంటే ఆ అంచును వదిలేసి ముందుకు సాగాలి.

```python
def cover(edges):
    C, M = set(), []
    for u, v in edges:
        if u not in C and v not in C:
            C.update((u, v))
            M.append((u, v))
    return C, M
```

చివరి వరుసలో `C` తో పాటు `M` కూడా తిరిగి వస్తోంది చూడండి. నేను చూసిన చాలా ప్రోగ్రాముల్లో ఆ `M` ఉండదు. కవర్ మాత్రమే కావాలి కదా, మిగతాది ఎందుకని తీసేస్తారు. నా కోపమంతా అక్కడే. హామీ మొత్తం ఆ `M` లోనే ఉంది.

`M` లోని అంచుల్లో ఏ రెండింటికీ ఉమ్మడి శీర్షం లేదు. అలాంటి అంచుల సమితిని మ్యాచింగ్ అంటారు. దానికి ఇంకొక్క అంచు కూడా చేర్చలేని స్థితి వస్తే అది మాక్సిమల్ మ్యాచింగ్. ఇప్పుడు అత్యుత్తమ కవర్‌ను ఊహించుకోండి. అది ఎలా ఉంటుందో మనకు తెలియదు. అయినా `M` లోని ప్రతి అంచునూ అది కప్పాలి కాబట్టి, ఆ అంచు రెండు చివరల్లో కనీసం ఒకటి దానిలో ఉండి తీరాలి. ఈ అంచులు ఒకదాన్నొకటి తాకవు కనుక ఒకే శీర్షం రెండు అంచులను కప్పడం కుదరదు. అంటే `M` లో ఎన్ని అంచులున్నాయో, అత్యుత్తమ కవర్‌లో కనీసం అన్ని శీర్షాలు ఉండాలి. మనం తీసుకున్న శీర్షాలు సరిగ్గా `M` లోని అంచుల సంఖ్యకు రెండింతలు. అసలు జవాబు ఎంతో తెలియకుండానే, దానికి రెండింతలు దాటలేదని ఇక్కడ తేలిపోయింది.

నిష్పత్తి ఇచ్చే హామీ ఇంతే. అసలు జవాబు కింద మనమొక నేల వేశాం, మన జవాబును ఆ నేలతో పోల్చాం. అసలు జవాబుతో పోల్చిందెక్కడా లేదు.

దీన్ని నాలుగు కూడళ్ల దారి మీద చేసి చూడండి: 1, 2, 3, 4 వరుసగా ఉన్నాయి; వీధులు 1-2, 2-3, 3-4. మొదట 2-3 చేతికొస్తే 2, 3 రెండూ ఎంపికవుతాయి, మిగతా రెండు వీధులూ వాటితోనే కప్పబడతాయి. కవర్‌లో 2 శీర్షాలు, మ్యాచింగ్‌లో 1 అంచు. ఇక వీధులను వరుస క్రమంలో చూస్తే ముందు 1-2, తరువాత 3-4 ఎంపికవుతాయి. కవర్‌లో 4, మ్యాచింగ్‌లో 2. ఒకే గ్రాఫు, ఒకే కోడు, అంచులు వచ్చిన క్రమం మాత్రమే మారింది.

మొదటిసారి మంచి కవర్ వచ్చింది కానీ నేల బలహీనం: "కనీసం 1 కావాలి" అని మాత్రమే అది చెప్పగలిగింది. రెండోసారి కవర్ అధ్వాన్నం, నేల మాత్రం గట్టిది: ఏ కవర్‌కైనా కనీసం 2 కావాలని చెబుతోంది. మ్యాచింగ్ ఇచ్చే నేల దానితో పాటు పుట్టిన కవర్‌కు మాత్రమే చెందినది కాదు, ఆ గ్రాఫులోని ప్రతి కవర్‌కూ వర్తిస్తుంది. కాబట్టి మొదటిసారి వచ్చిన కవర్‌ను, రెండోసారి వచ్చిన మ్యాచింగ్‌ను పక్కపక్కన పెట్టండి. కవర్‌లో 2 ఉన్నాయి, 2 కంటే తక్కువ ఎవరికీ సాధ్యం కాదు. ఉజ్జాయింపు అనుకున్నది అత్యుత్తమ జవాబేనని రుజువైపోయింది. `M` ను పారేసినవారికి ఈ అవకాశం లేదు. అందుకే అంచుల క్రమాన్ని మార్చి అనేకసార్లు నడపమంటాను. వచ్చిన వాటిలో అతి చిన్న `C` ని, అతి పెద్ద `M` ని దాచుకుని, ఆ రెండింటి నిష్పత్తిని జవాబు పక్కనే రాయాలి. 1.2 వచ్చిందంటే ఆ గ్రాఫు మీద మీ జవాబు 20 శాతానికి మించి ఎక్కువ లేదన్నమాట. పుస్తకంలోని 2 అన్ని గ్రాఫులకూ కలిపి చెప్పిన మాట. మీ చేతిలో ఉన్న గ్రాఫుకు అంతకంటే మంచి మాట దొరకవచ్చు. నేలను ఇంకా గట్టి చేయాలంటే అతి పెద్ద మ్యాచింగ్‌నే వెతకవచ్చు, జాక్ ఎడ్మండ్స్ 1965 నాటి పద్ధతితో దాన్ని సమర్థంగా కనుక్కోవచ్చు.

రెండు చివరలూ ఎందుకు, ఒకటి చాలదా అని ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. పై దారిలోనే చూడండి. 1-2 నుంచి 1ని, 3-4 నుంచి 4ను మాత్రమే ఉంచుకుంటే 2-3 వీధిని చూసే కెమెరా లేదు. సరైన పొదుపు వేరే ఉంది. కవర్ పూర్తయ్యాక ఒక్కో శీర్షాన్నీ పరిశీలించి, దాని పొరుగు శీర్షాలన్నీ కవర్‌లోనే ఉంటే దాన్ని తీసేయవచ్చు. దీనివల్ల నష్టం ఎప్పుడూ ఉండదు, తప్పకుండా చేయాలి. అయితే హామీ మాత్రం మెరుగుపడదు. ఎడమవైపు 100 శీర్షాలు, కుడివైపు 100, ఇటు ప్రతిదానికీ అటు ప్రతిదానితో అంచు ఉందనుకోండి. వీటన్నిటితోనూ కలిసిన మరో శీర్షం `u` ఉంది. అల్గారిథమ్ ముందుగా ఎడమ, కుడి అంచులను చూస్తే మొత్తం 200 తీసుకుంటుంది. వాటిలో ఏది తీసేసినా దానికీ `u` కూ మధ్య ఉన్న అంచు బయటపడుతుంది, కాబట్టి ఒక్కటీ తీయలేం. ఎడమవైపు 100, `u` ఒకటి, మొత్తం 101 సరిపోతాయి.

ఇక్కడ నేల దాదాపు సరిగ్గానే ఉంది, కవర్ చెడ్డది. దీనికి పూర్తి విరుద్ధమైన సందర్భమూ ఉంది. 101 శీర్షాలు, ప్రతి రెంటి మధ్యా అంచు. ఏ రెండు శీర్షాలను వదిలేసినా వాటి మధ్య అంచు మిగిలిపోతుంది కనుక అత్యుత్తమ కవర్‌కు 100 కావాలి. అల్గారిథమ్ సరిగ్గా 100 ఇస్తుంది. అయినా మ్యాచింగ్‌లో 50 అంచులకు మించి పట్టవు, నిష్పత్తి 2 అనే చూపిస్తుంది. జవాబు కచ్చితమైనదే, రుజువు చేయగల సాక్ష్యమే లేదు. కాబట్టి చేతిలో 2 కనిపించినంత మాత్రాన జవాబు చెడ్డదని అనుకోకూడదు. తప్పు కవర్‌లో ఉండవచ్చు, నేలలోనూ ఉండవచ్చు.

"ఇంత గుడ్డిగా అంచులు తీసుకోవడమెందుకు, ఎక్కువ వీధులు కలిసే కూడలిని ముందు తీసుకుంటే పోదా?" అనే వాదన నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. వినడానికి తెలివిగానే ఉంటుంది, చాలా గ్రాఫుల మీద బాగా పనిచేస్తుంది కూడా. దాని వెనుక 2 అనే హామీ మాత్రం లేదు. ఎడమవైపు 100 శీర్షాలు పెట్టండి. కుడివైపు గుంపులు గుంపులుగా చేర్చండి: రెండేసి ఎడమ శీర్షాలతో కలిసేవి 50, మూడేసితో కలిసేవి 33, నాలుగేసితో కలిసేవి 25, ఇలా వంద వరకు. ఒకే గుంపులోని రెండు శీర్షాలు ఎడమవైపు ఒకే శీర్షాన్ని పంచుకోకూడదు. ప్రతి దశలోనూ కుడివైపు శీర్షానికే ఎక్కువ అంచులు ఉంటాయి. ఎందుకంటే ఎడమవైపు శీర్షానికి మిగిలిన ఒక్కో గుంపు నుంచి ఒక్క అంచు మాత్రమే రాగలదు. ఆ తెలివైన పద్ధతి కుడివైపు మొత్తం 382 శీర్షాలనూ తీసుకుంటుంది. ఎడమవైపు 100 చాలు. గ్రాఫును పెంచుకుంటూ పోతే ఈ నిష్పత్తి కూడా లాగరిథమ్ వేగంతో పెరుగుతూనే ఉంటుంది. మన "గుడ్డి" పద్ధతి ఇదే గ్రాఫు మీద 200 దాటలేదు, ఎందుకంటే ప్రతి అంచుకూ ఒక చివర ఎడమవైపే ఉంది.

హామీ దేనికి ఇచ్చారో దానికే చెల్లుతుంది. ఒక కూడలిలో కెమెరా ఖర్చు 1, పక్క కూడలిలో 100 అయితే ఈ కోడు రెండూ తీసుకుని 101 ఖర్చు చేస్తుంది, 1 తో పని అయ్యేది. ఖర్చులున్న సమస్యకు రూవెన్ బార్-యెహూదా, షిమాన్ ఈవెన్ 1981లో వేరే పద్ధతితో 2 సాధించారు. అలాగే కవర్‌లో లేని శీర్షాలన్నీ కలిసి, తమలో తమకు అంచులు లేని సమితి అవుతాయి. ఆ సమితికి కూడా రెండు రెట్ల హామీ వస్తుందని కొందరు రాసేస్తారు. అసలు కవర్ 500, మనది 1000, గ్రాఫులో శీర్షాలు కూడా 1000 అయితే, అక్కడ 500 మిగలాల్సింది పోయి సున్నా మిగులుతుంది.

ఇంత చిన్న కోడును మించినది ఇన్నేళ్లలో రాలేదా అంటే, స్వల్పంగా మించినవి వచ్చాయి. కానీ అన్ని గ్రాఫులకూ 2 కంటే స్థిరంగా తక్కువైన నిష్పత్తి, 1.99 లాంటిది కూడా, ఎవరూ సాధించలేదు. ఒక రకం సమస్యలకు ఉజ్జాయింపు జవాబు కనుక్కోవడం కూడా కష్టమేనని చెప్పే యూనిక్ గేమ్స్ ఊహ నిజమైతే అది సాధ్యం కాదని సుభాష్ ఖోత్, ఓడెడ్ రెగెవ్ చూపించారు. ఆ ఊహ ఇంకా రుజువు కాలేదు.