రేచీకటికి 40 రోజుల గడువు ఎవరిచ్చారు?

"రేచీకటి ఉన్నవాళ్లకు శుభవార్త! 1. రేచీకటి అంటే విటమిన్ ఎ లోపం, ఇంకేం కాదు. కంటి డాక్టర్ల దగ్గర డబ్బులు తగలేయకండి. 2. రోజూ రెండు క్యారెట్లు, పొన్నగంటి కూర, వారానికోసారి మేక కార్జం, 40 రోజులు తినిపించండి. 3. తగ్గకపోతే విటమిన్ ఎ మాత్రలు రెట్టింపు చేయండి. విటమినే కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు. 4. పొన్నగంటి ఆకు రసం రెండు చుక్కలు కళ్లలో వేయండి. 5. పిల్లలకు ఇది సెల్‌ఫోన్ల వల్లే వస్తోంది. పది మందికి పంపండి."

ఈ నెలలో ఇది నాకు ఆరుసార్లు వచ్చింది. మా పెద్దమ్మ పంపింది, నాతో చదువుకున్నవాళ్లు పంపారు, చివరికి మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ వచ్చింది. కంటి ఆసుపత్రిలో రోగుల చూపు పరీక్షించడం నా ఉద్యోగం. ఈ మెసేజ్ నమ్మి ఆలస్యంగా వచ్చినవాళ్లు నా ఎదురుగా కూర్చుంటున్నారు కాబట్టి ఈసారి ఊరుకోలేకపోతున్నాను.

అయిదోది ఒక్క మాటతో తేలిపోతుంది. సెల్‌ఫోన్ చూస్తే కళ్లు అలసిపోతాయి, పొడిబారతాయి. రేచీకటి రాదు. నాలుగోది కూడా అంతే. ఇంట్లో నూరిన ఆకు రసంలో మట్టి ఉంటుంది, సూక్ష్మక్రిములు ఉంటాయి. విటమిన్ లోపంతో ఇప్పటికే పొడిబారిన నల్లగుడ్డు మీద అది పడితే పుండు పడవచ్చు. కంట్లో ఆకు రసం పొయ్యకండి, అంతే.

రెండో పాయింటులో ఒక మాటను మాత్రం ఒప్పుకుంటాను, అదీ మనసారా. కార్జం. మన అమ్మమ్మలు రేచీకటికి మేక కార్జం వండిపెట్టడం మూఢనమ్మకం కాదు. జంతువు తన విటమిన్ ఎ నిల్వలను కాలేయంలోనే దాచుకుంటుంది, అది తయారుగా ఉన్న విటమిన్. క్యారెట్‌లో, ఆకుకూరల్లో ఉండేది దాని ముడిసరుకు. శరీరం దాన్ని మార్చుకోవాలి, ఆ మార్పిడిలో దాదాపు పన్నెండు పాళ్లకు ఒక పాలే విటమిన్‌గా మిగులుతుంది. పైగా కూరలో నూనె లేకపోతే ఒంటికి సరిగా పట్టదు, కాబట్టి పచ్చి క్యారెట్ రసం కంటే పోపు వేసిన కూరే నయం. మునగాకు, తోటకూర, గుడ్డు, పాలు, బొప్పాయి పిల్లలకు రోజూ పెట్టండి. లోపం రాకుండా అవి కాపాడతాయి. (గర్భిణులు మాత్రం కార్జం జోలికి వెళ్లకపోవడం మంచిది. అందులో విటమిన్ మోతాదు ఎక్కువ.)

నా కోపమంతా ఆ 40 రోజుల మీద.

నాలుగేళ్ల పాప ఒకతె వచ్చింది. తట్టు వచ్చి తగ్గింది, ఆ తర్వాత మూడు వారాలు విరేచనాలు. పొద్దుగూకితే చాలు, ఎక్కడ కూర్చుందో అక్కడే కదలకుండా కూర్చుంటోందని, అన్నం కంచం చేత్తో తడుముకుంటోందని తల్లి చెప్పింది. చిన్నపిల్లలు "నాకు కనబడటం లేదు" అని చెప్పరు, ఇలాగే తెలుస్తుంది. టార్చి వేసి చూస్తే రెండు కళ్లలోనూ నల్లగుడ్డు పక్కన, చెవి వైపున, సబ్బు నురగ అంటినట్టు తెల్లటి మచ్చ. తెల్లగుడ్డు మెరుపు పోయి మసకబారింది. ఇది నిజంగా విటమిన్ ఎ లోపమే. మరి ఆ మెసేజ్ ఈ పాప విషయంలోనైనా పనికొచ్చేదా?

రాదు. ఆ వయసు పిల్లకు రోజుకు కావలసిన విటమిన్ ఎ సుమారు 400 మైక్రోగ్రాములు. లోపం ఇంత దూరం వచ్చాక ఇచ్చే ఒక్క డోసు 2 లక్షల యూనిట్లు, అంటే 60 మిల్లీగ్రాములు. దాదాపు అయిదు నెలల అవసరం ఒక్క గుక్కలో. అలాంటిది ఆ రోజు ఒకటి, మర్నాడు ఒకటి, రెండు వారాల తర్వాత ఒకటి. ఏడాది లోపు పిల్లలకు దీనికంటే తక్కువ ఇస్తారు. అంత తొందర ఎందుకంటే, నురగ మచ్చ తర్వాతి మెట్టు నల్లగుడ్డు పొడిబారడం, ఆ తర్వాతది అది మెత్తబడి కరిగిపోవడం. తట్టు, విరేచనాలతో నీరసించిన పిల్లలో ఆ చివరి మెట్టు కొద్ది రోజుల్లోనే దాటిపోవచ్చు. కరిగిన నల్లగుడ్డు తిరిగి రాదు. అక్కడ 40 రోజులు క్యారెట్ తినిపిస్తూ కూర్చోవడమంటే చూపును చేతులారా వదులుకోవడమే.

ఆ పాపకు సిరప్ తాగించిన మూడో రోజున, సందెవేళ తనంతట తానే పక్కింటికి నడిచి వెళ్లిందని తల్లి ఫోన్ చేసి చెప్పింది. నురగ మచ్చ తగ్గడానికి ఇంకా సమయం పట్టింది, పెద్ద పిల్లల్లో అయితే అది మచ్చగా మిగిలిపోనూవచ్చు. రేచీకటి మాత్రం అంత త్వరగా తగ్గుతుంది. చీకట్లో చూసే కణాలకు ఒక రసాయనం కావాలి, దాని తయారీకి విటమిన్ ఎ కావాలి. కణాలు బతికే ఉంటాయి కాబట్టి ముడిసరుకు అందగానే పని మొదలుపెడతాయి. దీన్నుంచి తేలేది ఒకటుంది: పూర్తి డోసులు సరిగా పడ్డాక కూడా వారం, పది రోజుల్లో మార్పు లేకపోతే కారణం వేరే ఎక్కడో ఉంది. అప్పుడు 40 రోజులు కాదు, 400 రోజులు తినిపించినా ఫలితం ఉండదు.

400 రోజులకు పైగా తినిపించిన ఇల్లే ఒకటి చూశాను. పదకొండేళ్ల బాబు. పద్నాలుగు నెలలుగా క్యారెట్ రసం, పొన్నగంటి కూర, చేప నూనె మాత్రలు. సందెవేళ మంచం కోడుకు తన్నుకుంటాడు, సినిమా హాల్లోకి వెళ్తే అమ్మ చెయ్యి వదలడు. పగలు బోర్డు మీద అక్షరాలు బాగానే చదువుతాడు కాబట్టి ఇంట్లో ఎవరికీ భయం వేయలేదు. పరీక్షలో ఎదుటి అక్షరాలు దాదాపు చివరి వరుస దాకా చదివాడు. కళ్లలో నురగ మచ్చ లేదు, తెల్లగుడ్డు నిగనిగలాడుతోంది. నా ముఖం వైపే చూడమని చెప్పి, పక్కనుంచి వేళ్లు ఆడించాను. వేళ్లు చాలా లోపలికి వచ్చేదాకా అతనికి కనబడలేదు. గొట్టంలోంచి చూస్తున్నట్టన్నమాట. చుక్కల మందు వేసి కనుపాప పెద్దదయ్యాక డాక్టరు గారు చూస్తే, కంటి వెనక పొర రెటీనాలో చుట్టూరా నల్లటి చుక్కలు చల్లినట్టున్నాయి, రక్తనాళాలు దారాల్లా సన్నబడ్డాయి. రెటినైటిస్ పిగ్మెంటోజా అనే జబ్బు. రెటీనా కణాలు వెలుగుకు ఎంత స్పందిస్తున్నాయో కొలిచే ఈఆర్‌జీ పరీక్షలో గీత దాదాపు చదునుగా వచ్చింది.

అడిగితే తేలింది, ఆ తల్లి తన మేనమామనే చేసుకుంది. మన రెండు రాష్ట్రాల్లో మేనరికాలు ఎక్కువ. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఒకే లోపమున్న జన్యువు దాగి ఉంటే, అది జంటగా బిడ్డకు చేరవచ్చు. ఈ జబ్బులో కణాలే ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. చచ్చిన కణానికి ఎంత విటమిన్ పోసినా లాభం లేదు.

"మరి మందు లేని జబ్బుకు పరీక్ష ఎందుకు?" అని మా పెద్దమ్మే అడిగింది. అది న్యాయమైన ప్రశ్న. ఆ బాబు విషయంలోనే చెబుతాను. దృష్టి లోపం ఉంటే అద్దాలు ఇచ్చాం, చీకట్లో కొంత తేడా వచ్చింది. రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కానులో రెటీనా మధ్యలో నీరు చేరినట్టు తేలింది. ఈ జబ్బులో అలా చేరడం మామూలే, చాలామందికి చుక్కల మందుతో అది తగ్గుతుంది, తగ్గితే మధ్య చూపు మెరుగుపడుతుంది. ఆరేళ్ల చెల్లెల్ని పిలిపించి చూస్తే ఆమెకూ జబ్బు మొదలై ఉంది. అదింకా ఇంట్లో ఎవరూ గమనించలేదు. జన్యు పరీక్ష వల్ల ఏ రకమో తెలుస్తుంది. అరుదుగా వచ్చే ఒక రకానికి 2017లో అమెరికాలో జన్యు చికిత్స ఆమోదం పొందింది, మరికొన్ని అరుదైన రకాలు ఆహార నియమంతో అదుపులో ఉంటాయి. ఇంకో రకం రెటీనా జబ్బులో అదనపు విటమిన్ ఎ ఇవ్వవద్దని కూడా అంటారు. అసలు రకమే తెలియకుండా మాత్రలు మింగించడం ఎంత ప్రమాదమో చూడండి.

మూడో పాయింటు రాసిన మనిషికి ఇక్కడే జవాబు చెప్పాలి. బి, సి విటమిన్లలాగ విటమిన్ ఎ మూత్రంలో పోదు, కాలేయంలో పేరుకుంటుంది. ఎక్కువైతే తలనొప్పి, వాంతులు, చర్మం పొలుసులు ఊడడం, తలలో ఒత్తిడి పెరగడం, కాలేయం దెబ్బతినడం జరుగుతాయి. గర్భిణికి ఎక్కువైతే కడుపులో బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. గర్భంతో ఉన్నప్పుడు రేచీకటి వస్తే, రోజుకు 10 వేల యూనిట్లు లేదా వారానికి 25 వేలు మించకుండా, డాక్టరు చెప్పినట్టు ఇస్తారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. తొమ్మిది నెలలు నిండాక 1 లక్ష, పదహారు, పద్దెనిమిది నెలల మధ్య 2 లక్షలు, ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకు 2 లక్షల యూనిట్లు, అయిదేళ్ల దాకా తొమ్మిది డోసులు ప్రభుత్వమే టీకాల కార్యక్రమంలో ఇస్తుంది. ఆ కార్డు చూడకుండా షాపులో మాత్రలు కొని రెట్టింపు చేయమని రాయడానికి మనసెలా వచ్చింది?

పెద్దవాళ్ల సంగతి ఇంకా వేరు. సుష్టుగా తినే నలభై, యాభై ఏళ్ల మనిషికి కొత్తగా రాత్రి చూపు తగ్గిందంటే కూరల లోపం చాలా అరుదు. శుక్లం, మార్చని కళ్లద్దాల పవరు, షుగరు వల్ల పాడైన రెటీనా, బాగా ముదిరిన గ్లాకోమా, వీటిలో ఏదైనా కావచ్చు. విటమిన్ లోపమే అయినా, తినకపోవడం కంటే ఒంటికి పట్టకపోవడం వల్ల వస్తుంది: కాలేయం, క్లోమం జబ్బులు, పేగు ఆపరేషన్లు. రాత్రిపూట లారీ నడిపే డ్రైవరు ఒకాయన రెండు నెలలు క్యారెట్లు తిని వచ్చాడు. రెండు కళ్లలోనూ శుక్లం. ఎదురుగా వచ్చే హెడ్‌లైట్ ఆయనకు పెద్ద వెలుగు ముద్దలా కనబడి రోడ్డే కనబడేది కాదు. ఆపరేషన్‌తో బాగయింది. ఆ రెండు నెలలూ లారీ ఆపలేదని విన్నప్పుడు నాకు వణుకు పుట్టింది.

పరీక్షకు వెళ్లేటప్పుడు కళ్లజోడు షాపులో చేసే కంప్యూటర్ పరీక్షతో సరిపెట్టకండి. ఆ బాబును అక్కడికి తీసుకెళ్తే అక్షరాలన్నీ చదివేవాడు, బాగానే ఉందని పంపేసేవాళ్లు. చుక్కల మందు వేసి కంటి వెనక పొర చూడమని, పక్క చూపు కూడా పరీక్షించమని అడగండి. చీకట్లో ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, పెరుగుతోందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, మేనరికమా, షుగరు ఉందా, ఏ మందులు వాడుతున్నారు, ఇవి చెప్పండి. మందు వేశాక కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు మసగ్గా ఉంటాయి, ఎండ గుచ్చుకుంటుంది. బండి నడపలేరు, తోడుగా ఒకరిని తీసుకెళ్లండి.