తుపాను మూసిన మూడు రోజుల లెక్క ఎవరి పద్దులో వేయాలి?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాని దెబ్బ ఇటు నెల్లూరు మీదా అటు ప్రకాశం మీదా పడింది. చీమకుర్తి చుట్టుపక్కల గెలాక్సీ గ్రానైట్ పలకలను పాలిష్ చేసే ఒక యూనిట్ ఆ నెల 4, 5, 6 తేదీల్లో గేటు తెరవలేదనుకుందాం. నెలాఖరున కాస్ట్ రిపోర్టులో స్థిర ఓవర్‌హెడ్ 1,97,000 రూపాయలు అడ్వర్స్, అంటే ఆ మేరకు నష్టం వైపు తేడా అని వస్తుంది. యజమాని ముందుగా అడిగేది సూపర్‌వైజర్‌నే. అతను చెప్పాల్సిన జవాబు అందులో ఎంత భాగానికో తేల్చాలంటే క్యాలెండర్ వేరియన్స్‌ను, అంటే పనిదినాల సంఖ్య మారినందువల్ల వచ్చిన తేడాను, మిగతా వాటికంటే ముందు విడదీయాలి. చాలా యూనిట్లలో లెక్క చెడేది అక్కడే.

ఈ యూనిట్ అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి. షెడ్డు అద్దె, సూపర్‌వైజర్ల జీతాలు, తరుగుదల, బీమా, కరెంటు బిల్లులో నెలనెలా పడే డిమాండ్ ఛార్జీ కలిపి స్థిర ఓవర్‌హెడ్‌కు నెలకు 10,00,000 బడ్జెట్. డిసెంబరులో ఐదు ఆదివారాలు, క్రిస్మస్ తీసేస్తే 25 పనిదినాలు. రోజుకు రెండు షిఫ్టులు, 16 గంటలు. అంటే నెలకు 400 గంటలు. గంటకు 100 చదరపు అడుగులు పాలిష్ కావాలి. కాబట్టి స్థిర ఓవర్‌హెడ్ రోజుకు 40,000, గంటకు 2,500, చదరపు అడుగుకు 25.

నిజానికి నడిచింది 22 రోజులు, 334 గంటలు. తయారైంది 32,600 చదరపు అడుగులు. ఖర్చు 10,12,000. ఉత్పత్తి మీద వసూలైన ఓవర్‌హెడ్ 32,600 × 25, అంటే 8,15,000. ఖర్చుకూ దీనికీ తేడాయే ఆ 1,97,000. ఇందులో 12,000 బడ్జెట్ మీద అదనంగా పెట్టిన ఖర్చు. మిగిలిన 1,85,000 ఉత్పత్తి తగ్గినందువల్ల వచ్చిన వాల్యూమ్ వేరియన్స్.

ఇప్పుడు దీన్ని కోయాలి. మొదటి కోత రోజులది: 25 బదులు 22, మూడు రోజులు తక్కువ, రోజుకు 40,000 చొప్పున 1,20,000 అడ్వర్స్. రెండోది కెపాసిటీ. తెరిచిన 22 రోజుల్లో నడవగలిగింది 352 గంటలు, నడిచింది 334. తగ్గిన 18 గంటలకు 45,000. మూడోది ఎఫిషియెన్సీ. 32,600 అడుగులకు పట్టాల్సింది 326 గంటలు, పట్టింది 334. ఎనిమిది గంటలకు 20,000. మూడూ కలిపితే 1,85,000 సరిపోతుంది.

తప్పు ఎక్కడ దొర్లుతుందంటే, కెపాసిటీ లెక్కలో 352 బదులు బడ్జెట్ గంటలు 400 పెట్టేస్తారు. అప్పుడు 66 గంటలకు 1,65,000 వస్తుంది. క్యాలెండర్ వేరియన్స్ చూపకుండా ఇదొక్కటే చూపితే మొత్తం సరిపోతుంది, తప్పు బయటపడదు, తుపాను భారం సూపర్‌వైజర్ నెత్తిన పడుతుంది. పక్కన 1,20,000 కూడా చూపితే అదే మొత్తం రెండుసార్లు పడుతుంది. మూడు ముక్కల మొత్తం వాల్యూమ్ వేరియన్స్‌కు సరిపోకుండా సరిగ్గా 1,20,000 తేడా వస్తుంటే కారణం ఇదేనని వెంటనే పట్టుకోవచ్చు.

అసలు తగవంతా ‘రోజు’ అంటే ఏమిటన్న దగ్గర మొదలవుతుంది. 7వ తేదీ ఉదయం గేటు తెరిచారు, కానీ పాలిషింగ్ లైన్ మోటారుకు తేమ పట్టి మొదటి షిఫ్టంతా నడవలేదనుకోండి. ఆ ఎనిమిది గంటలు తుపాను వల్లే పోయాయి కదా అని సూపర్‌వైజర్ అంటాడు. మాట నిజమే, అయినా అది క్యాలెండర్‌లోకి రాదు. యూనిట్ మొత్తానికి సెలవు ప్రకటించి గేటు మూసిన రోజే క్యాలెండర్ తేడా. గేటు తెరిచాక పోయిన ప్రతి గంటా, కరెంటు పోయినా, మనుషులు రాకపోయినా, బేరింగ్ విరిగినా, కెపాసిటీలోకే వెళ్లాలి. కారణం కావాలంటే పక్కన ఒక ముక్క రాసుకోవచ్చు: 18 గంటల్లో 8 మోటారువి, మిగతా 10 దేనివో చెప్పాలి. ఈ నియమం కఠినంగా కనిపిస్తుంది. కానీ దీన్ని ఒకసారి సడలిస్తే రిపేరు రోజులన్నీ వాన రోజులుగా మారిపోతాయి. అనుమానం వస్తే హాజరు పట్టీ, గేటు రిజిస్టరు, కరెంటు మీటరు రీడింగు మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. మూసిన రోజున మీటరు బాగా తిరిగిందంటే ఆ రోజు మూసినట్టు కాదు.

తుపాను సంగతి అందరికీ తెలుసు కాబట్టి దాని మీద వాదన త్వరగానే తెగుతుంది. నా దృష్టిలో ఎక్కువ చెరుపు చేసేది బడ్జెట్ వేసేవారి చేతిలో పుట్టే క్యాలెండర్ వేరియన్స్. ఏడాదికి 300 రోజులు అనుకుని నెలకు 25 చొప్పున పంచేస్తారు. 2023 ఫిబ్రవరిలో ఆదివారాలు పోను 24 రోజులే, కాబట్టి ఏ కారణమూ లేకుండా 40,000 అడ్వర్స్. మార్చిలో ఆదివారాలు, ఉగాది పోను 26 రోజులు, కాబట్టి ఎవరూ ఏమీ చేయకుండానే 40,000 ఫేవరబుల్. రెండు నెలలూ రిపోర్టు మీద చర్చ జరుగుతుంది, చర్చించడానికి మాత్రం ఏమీ ఉండదు.

పాత ఏడాది సెలవుల పట్టికను కాపీ కొట్టడం ఇంకా చెడ్డది. ఉగాదినే చూడండి. 2022లో ఏప్రిల్ 2న, 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. అంటే 2022-23 ఆర్థిక సంవత్సరంలో రెండు ఉగాదులు, 2023-24లో ఒక్కటీ లేదు. ముందటి ఏడాది రోజులనే దించుకున్న యూనిట్‌కు ఉగాది వల్లే రెండు రోజులు, అంటే 80,000 రూపాయల ఫేవరబుల్ వేరియన్స్ ఊరికే వచ్చిపడుతుంది. 2024 లీపు సంవత్సరం కదా, ఇంకో రోజు కలిసిందని సంబరపడేలోపే 2023-24లో ఆదివారాలు 53 అని తేలుతుంది. ఆ రోజు అలా పోయింది. మార్చిలోనే పంచాంగం ముందు పెట్టుకుని వచ్చే ఏడాది పనిదినాలను నెలవారీగా రాసుకుంటే ఈ గొడవ ఉండదు. రేటు మాత్రం ఏడాది మొత్తం ఖర్చును ఏడాది మొత్తం రోజులతో భాగించి కట్టాలి, ఆ రేటును ఆ నెల రోజులతో గుణించి నెల బడ్జెట్ తీయాలి.

పోయిన రోజులకు బదులుగా 17వ తేదీ ఆదివారం నడిపితే? రోజులు 23 అవుతాయి, క్యాలెండర్ వేరియన్స్ 80,000కు తగ్గుతుంది. అందుకు ప్రత్యామ్నాయ సెలవును మనుషులకు విడివిడిగా ఇచ్చి గేటు తెరిచే ఉంచితేనే ఇది నిలుస్తుంది. బుధవారం యూనిట్ మొత్తం మూసి సెలవిస్తే మళ్లీ 22 రోజులే. ఆదివారం పనికి అదనంగా ఇచ్చిన కూలి ఈ వేరియన్స్‌లో ఎక్కడా కనిపించదు, దాన్ని కూలి లెక్కలో వెతకాలి.

ఆ ఆదివారం నడపాలా వద్దా అని తేల్చుకోవడానికి 40,000 అంకె పనికిరాదు. అద్దె, జీతాలు ఎలాగూ పోతాయి. మూసిన రోజున నిజంగా పోయేది కాంట్రిబ్యూషన్, అంటే అమ్మకం ధరలో ఉత్పత్తితో పాటు మారే ఖర్చులు పోను మిగిలేది. చదరపు అడుగుకు అది 40 రూపాయలనుకుంటే రోజుకు 1,600 అడుగుల మీద 64,000. ఆర్డరు ఆలస్యమైనా కొనేవాడు ఆగితే అదీ పోదు, ఓడ తప్పిపోతే పూర్తిగా పోతుంది.

ఇక మిగిలింది నిల్వ విలువ. డిసెంబరు ఖర్చు 10,12,000ను 32,600తో భాగిస్తే అడుగుకు 31 రూపాయలు దాటుతుంది. యార్డులో మిగిలిన పలకలకు ఇదే రేటు వేద్దామని కొందరు అకౌంటెంట్లకు అనిపిస్తుంది. అకౌంటింగ్ స్టాండర్డ్ 2 అందుకు ఒప్పుకోదు. స్థిర ఉత్పత్తి ఓవర్‌హెడ్‌ను సాధారణ సామర్థ్యం ఆధారంగానే నిల్వకు పంచాలి, పంచకుండా మిగిలింది ఆ కాలపు ఖర్చుగా లాభనష్టాల ఖాతాకు వెళ్లాలి. ఆ నెల పలకలు 6,000 అడుగులు మార్చి 31న ఇంకా యార్డులో ఉంటే, 25 బదులు 31 వేసిన తప్పుతో ఆ ఏడాది లాభం 36,000 ఎక్కువగా కనిపిస్తుంది.