బొమ్మ ఎవరిదో బొరుసు చెబుతుంది

గుండ్రటి ముఖం, మొనదేలిన ముక్కు, ఉంగరాల జుట్టు, చెవికి పోగు. కింద పెద్ద అక్షరాలతో 'గౌతమీపుత్ర శాతకర్ణి అసలు రూపం ఇదే' అన్న వ్యాఖ్య. వెండి నాణెం మీది ముఖాన్ని ఇలా పెద్దది చేసి పంచుకునే ఫొటోలు మనకు కొత్త కాదు. వాటిలో చాలా వరకు ఒక లోపం ఉంటుంది. ముఖం బాగా కనపడాలని చుట్టూ ఉన్న అంచును కత్తిరించేస్తారు, వెనకవైపు చూపించనే చూపించరు. ఆ ముఖం ఎవరిదో చెప్పగలిగింది ఆ అంచు మీది అక్షరాలే. అవి పోయాక మిగిలింది పేరు లేని ఒక మగమనిషి తల.

ముఖం కళ్ళెదుట ఉంది కదా, పోల్చుకోలేమా అనిపిస్తుంది. పోల్చడానికి రెండో రూపం ఏదీ? శాతవాహన రాజును చూసి గీసిన చిత్తరువు మన దగ్గర లేదు. నాణేనికి నాణేన్నే పోల్చాలి, ఆ నాణెం ఎవరిదో మళ్ళీ అక్షరాలే చెప్పాలి. అక్షరాలు చదివిన తర్వాతే ముఖానికి పేరు వస్తుంది. ఈ వరుసను తిరగేస్తే ఏమవుతుందో చెప్పడానికి మన దక్కన్‌లోనే మంచి ఉదాహరణ ఉంది.

1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ మొదట పశ్చిమ భారతాన్ని ఏలిన క్షహరాత వంశపు రాజు నహపానుడు వేయించినవే. ఒకవైపు తల, రెండోవైపు బాణం, వజ్రాయుధం. చుట్టూ గ్రీకు లిపిలో, మన పాత లిపులైన బ్రాహ్మిలో, ఖరోష్ఠిలో ఒకటే మాట: 'రఞో క్షహరాతస నహపానస', అంటే క్షహరాతుడైన నహపాన రాజుది. ఇన్ని వేల నాణేల మీద పేరు ఒక్కటే, ముఖాలు మాత్రం ఒక్కటి కావు. ఒకదాని మీద నున్నటి బుగ్గల కుర్రవాడు, ఇంకోదాని మీద దవడలు లోతుకు పోయిన ముసలివాడు. ఒకరి ముక్కు వంకీ, మరొకరిది సూటి. నిధిని పరిశీలించిన రెవరెండ్ స్కాట్‌కు ఈ తేడా ఎంత కొట్టొచ్చినట్టు కనిపించిందంటే, ఇవి ఒకే మనిషివి కాకపోవచ్చని, ఆ వంశంలో వేర్వేరు వాళ్ళ తలలు కావచ్చని ఆయన అనుకున్నారు. ముఖాలను నమ్ముకుంటే వచ్చే ముగింపు అదే. అక్షరాలను నమ్ముకుంటే అవన్నీ నహపానుడి పేరిట వెలువడిన నాణేలు. అంతవరకు ఏ సందేహమూ లేదు.

తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే నాణెం తయారీ చూడాలి. బిళ్ళ వ్యాసం సుమారు 15 మిల్లీమీటర్లు, బరువు రెండు గ్రాములకు అటూ ఇటూ. అందులో అక్షరాల వలయం పోగా తలకు మిగిలేది చిటికెన వేలి గోరంత. ఆ జాగాలో పనివాడు లోహపు అచ్చును లోపలికి, కుడిని ఎడమ చేసి చెక్కాలి. కన్ను ఒక చుక్క, పెదవులు రెండు గీతలు. ఉలి వెంట్రుకవాసి జరిగితే ముక్కు మారిపోతుంది. దెబ్బలు తిని తిని అచ్చు అరిగిపోతుంది, పగిలిపోతుంది. వేల నాణేలు కొట్టాలంటే అచ్చులు ఎన్నో కావాలి, వాటిని ఎందరో చెక్కాలి. వాళ్ళలో చాలామందికి ఎదురుగా ఉండేది పాత నాణెమే తప్ప రాజు కాదు. అందుకే ఒకే రాజు రెండు అచ్చుల మధ్య తేడా కొన్నిసార్లు ఇద్దరు రాజుల మధ్య తేడా కంటే ఎక్కువగా ఉంటుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సమస్య తర్వాత గుజరాత్, మాళవ ప్రాంతాలను ఏలిన శక రాజులు, పశ్చిమ క్షత్రపుల నాణేలది. అక్కడ రాజులు మారుతుంటారు, ముఖం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. టోపీలాంటి శిరోవేష్టనం, మీసం, కుడివైపు చూపు. ఈ నాణేలు మనకు పరాయివి కావు. అప్పటి గుంటూరు జిల్లా పెట్లూరిపాలెంలో వీటి నిధి ఒకటి బయటపడింది. అలాంటి కుప్ప ముందు కూర్చున్న వ్యక్తి తలలను చూసి విడగొడితే ఏ గుంపూ నిలవదు. పని జరిగేది బొరుసు వైపు.

రుద్రసేనుడు అనే పేరునే తీసుకుందాం. ఈ పేరుతో నలుగురు రాజులున్నారు, మొదటి ముగ్గురినే చూద్దాం. బొరుసు మధ్యలో మూడు వంపుల కొండ, పైన నెలవంక, కింద అలలాంటి గీత. దాని చుట్టూ బ్రాహ్మిలో తండ్రి పేరు, కొడుకు పేరు, ఇద్దరి బిరుదులు. పెద్ద రాజు బిరుదు మహాక్షత్రపుడు, అతని కింది పాలకుడిది క్షత్రపుడు. ముందు వెతకాల్సింది రాజు పేరును కాదు, 'పుత్రస' అనే మాటను. దానికి ముందున్నది తండ్రి, తర్వాతున్నది నాణెం వేయించినవాడు. మొదటి రుద్రసేనుడైతే తండ్రి మహాక్షత్రపుడైన రుద్రసింహుడు. రెండోవాడైతే తండ్రి వీరదాముడు. అతడు మహాక్షత్రపుడు కాలేదు, కనుక అతని పేరు ముందు ఉత్త 'క్షత్రపస' అనే ఉంటుంది. మూడోవాడికి వచ్చేసరికి తండ్రీకొడుకులిద్దరి పేర్ల ముందు 'స్వామి' అనే మాట చేరుతుంది, తండ్రి పేరు రుద్రదాముడు. మొదటివాడికీ మూడోవాడికీ మధ్య దాదాపు నూట యాభై ఏళ్ళు. బొమ్మ వైపు చూస్తే ఆ నూట యాభై ఏళ్ళు కనపడవు.

బొమ్మ వైపు ఉపయోగపడేది ముఖం కంటే తల వెనక ఉన్న సంవత్సరమే. అది శక సంవత్సరం. బ్రాహ్మి అంకెల్లో నూరుకు ఒక గుర్తు, పదులకు వేరే గుర్తులు, ఒకట్లకు వేరే గుర్తులు. నూరు, ముప్ఫై, ఐదు గుర్తులు వరసగా ఉంటే శక 135. దానికి 78 కలిపితే క్రీ.శ. 213, అంటే మొదటి రుద్రసేనుడి కాలం. ఒకట్ల గుర్తు అరిగిపోయినా ఫర్వాలేదు. మొదటి ఇద్దరివీ శక వందల్లోనే ఉంటాయి, మూడోవాడివి రెండు వందలు దాటి మూడు వందల దాకా వస్తాయి. నూరు గుర్తు పక్కన అదనపు గీత ఉందో లేదో చూస్తే సగం పని అయిపోతుంది.

చదవడంలోనూ చిక్కులున్నాయి. అచ్చు కంటే బిళ్ళ చిన్నది కావడంతో అక్షరాల వలయంలో కొంత భాగం బిళ్ళ మీద పడదు. ఈ వలయంలో అక్షరాల తలలు అంచు వైపు ఉంటాయి. గుడి, ఎత్వం, ఓత్వం లాంటివి బ్రాహ్మిలో అక్షరం తలకే తగులుతాయి కాబట్టి ముందు పోయేవి అవే. అందువల్ల 'రుద్రసీహ', 'రుద్రసేన' అనే పేర్లను స-కారానికి ఉన్న గుణింతంతో విడదీయాలని చూస్తే తప్పు జరుగుతుంది. ఆ తర్వాతి అక్షరం ఒడలు చూడాలి. నిలువు గీత, దాని కింద అడ్డంగా మరో గీత ఉంటే 'న'. కింద కొక్కెంలా వంగితే 'హ'.

ఇక మొదట చెప్పిన గౌతమీపుత్రుడి దగ్గరికి వద్దాం. శాతవాహనుల్లో తల్లి పేరుతో గౌతమీపుత్రులైనవాళ్ళు ఒక్కరు కాదు. గౌతమీపుత్ర శాతకర్ణి ఒకరు, అతని తర్వాత చాలా కాలానికి వచ్చిన గౌతమీపుత్ర యజ్ఞ శాతకర్ణి మరొకరు. యజ్ఞశ్రీ వెండి నాణెం బొమ్మ వైపు రాత 'రఞో గోతమిపుతస సిరి యఞ సాతకణిస'. ఇందులో 'యఞ' అన్న రెండక్షరాలు బిళ్ళ మీద పడకపోతే మిగిలేది అచ్చంగా మొదటివాడి పేరే. ముఖం ఇక్కడ సాయపడదు. 'సిరి'కీ 'సాతకణి'కీ మధ్య రెండక్షరాల జాగా ఉందా లేదా అని కొలవాలి, తర్వాత నాణెం తిప్పి చూడాలి. బొరుసు వైపు అదే పేరు మరో భాషలో ఉంటుంది: 'అరహణకు గోతమి పుతకు హిరు యఞ హాతకణికు'. ఒకవైపు బిళ్ళ మీద పడని అక్షరం రెండోవైపు పడి ఉండవచ్చు. ఈ 'కు' ప్రత్యయం ద్రావిడ భాషది. తమిళమని కొందరు, తొలినాటి తెలుగు ఛాయ అని మరికొందరు వాదిస్తారు. ఆ వాదనకు ఆధారమైన అక్షరాలనే కత్తిరించి ముఖాన్ని మాత్రం పంచుకోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది. మన భాష పాత ఆనవాళ్ళు ఆ అంచు మీద ఉండి ఉండవచ్చు.

గౌతమీపుత్ర శాతకర్ణి కూడా ముఖానికి పెద్ద విలువ ఇవ్వలేదు. జోగల్‌తంబి నాణేల్లో 9 వేలకు పైగా, నహపానుణ్ణి ఓడించాక అతను తన ముద్రతో మళ్ళీ కొట్టించినవే. నహపానుడి తల మీద మూడు వంపుల కొండ, చుట్టూ 'రఞో గోతమిపుతస సిరి సాతకణిస', వెనక ఉజ్జయిని గుర్తు. కొండ వంపు కింద పాత ముక్కు కొసో, జుట్టు పాయో ఇంకా కనపడుతుంది. ముఖం కొంత మిగిలినా ఆ నాణెం ఇక నహపానుడిది కాదు, ఎందుకంటే పేరు మారింది.

ఇదంతా పాతకాలపు పనితనం లోపం అనుకోవడానికి వీల్లేదు. యంత్రాలు వచ్చాకా పరిస్థితి అదే. 1840లో బ్రిటన్ తెచ్చిన తొలి తపాలా బిళ్ళ పెన్నీ బ్లాక్ మీద విక్టోరియా తల, ఆమెకు 15 ఏళ్ళప్పటి రూపం ఆధారంగా చేసిన పతకం నుంచి తీసుకున్నది. ఆమె 81 ఏళ్ళ వయసులో చనిపోయే దాకా బ్రిటన్ బిళ్ళల మీద ఆ పడుచు తలే నడిచింది. పోలిక ఎప్పుడో పోయింది, గుర్తింపు మాత్రం పోలేదు. మన ఇళ్ళలో ఉండే రాణి రూపాయిలదీ ఇదే సంగతి. కిరీటం పెట్టుకున్న తలను చూసి కాలం చెప్పడం కష్టం. పక్కన 'క్వీన్' అని ఉంటే 1877కు ముందుది, 'ఎంప్రెస్' అని ఉంటే ఆ తర్వాతది.

గాంధీ ముఖాన్ని ఎవరు పోల్చుకోలేరు? అయినా 1948 ఆగస్టు 15న విడుదలైన నాలుగు గాంధీ తపాలా బిళ్ళల మీద హిందీలో, ఉర్దూలో 'బాపూ' అని అచ్చువేశారు. అది సరైన నిర్ణయం. ఆ బిళ్ళ చూసేవాడు పరాయి దేశంవాడు కావచ్చు, వందేళ్ళ తర్వాతివాడు కావచ్చు.

పేరూ సందర్భమూ తప్పుదారి పట్టించిన ఘటనా ఉంది. 2010 డిసెంబరులో అమెరికా తపాలా శాఖ స్వేచ్ఛా ప్రతిమ ముఖంతో బిళ్ళ విడుదల చేసింది. కోట్లాది మంది దాన్ని న్యూయార్క్ ప్రతిమే అనుకుని కవర్ల మీద అతికించారు. నిజానికి అది లాస్ వెగాస్‌లోని నకలు ముఖం. సంగతి బయటపడటానికి మూడు నెలలు పట్టింది. పట్టించినవి కళ్ళు, జుట్టు తీరు, కిరీటం మీది ఒక పలక. ఆ నకలు చెక్కిన శిల్పి దావా వేస్తే 2018లో 35 లక్షల డాలర్లు చెల్లించాలని కోర్టు తీర్పిచ్చింది. ఇక్కడ పోలికతో తప్పు దొరికిందంటే, పక్కన పెట్టి చూడటానికి రెండు విగ్రహాలూ నిలబడి ఉన్నాయి కాబట్టి. శాతవాహన రాజు విషయంలో ఆ సదుపాయం లేదు.

కాబట్టి పాత నాణెం ఫొటో పెట్టేవాళ్ళు రెండువైపులా, అంచు పూర్తిగా కనపడేలా తీయాలి. వెలుతురు నేరుగా పైనుంచి పడితే అరిగిన అక్షరం చదునుగా కనపడుతుంది. దీపాన్ని బల్లకు దాదాపు ఆనించి ఒక పక్కనుంచి వేసి, నాణేన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు ఫొటోలు తీస్తే ఒకదాంట్లో పోయిన గీత నీడ తేలుతుంది. పక్కన స్కేలు పెట్టి, బరువు గ్రాముల్లో రెండు దశాంశాల దాకా రాయాలి. రుద్ది కడగకూడదు. అరిగిన 'యఞ'లో మిగిలి ఉండేది ఒక్కోసారి ఆ పలచని గీతే.