రొయ్యల గుంట దగ్గర పెంచిన గొంతు కోపం కాదు

విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద రాత్రిపూట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రొదగా తిరుగుతుంటే, గట్టు మీద ఫోన్ మాట్లాడే ఎవరైనా గొంతు పెంచాల్సిందే. ఒక రైతు మేత కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, "ఏందమ్మా, మేత బండి ఇంకా రాలా, ఎప్పుడొస్తాదీ?" అని అడిగాడనుకుందాం. అవతల అమ్మాయికి అది మామూలు వాకబే. కానీ రికార్డింగ్ విని భావాన్ని అంచనా వేసే సాఫ్ట్‌వేర్ ఆ కాల్ పక్కన 'కోపం' అని రాసే అవకాశం చాలా ఎక్కువ. ఎందుకో చూద్దాం.

ఈ సాఫ్ట్‌వేర్లు సాధారణంగా మాటను 25 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకుంటాయి. ప్రతి ముక్కలో స్థాయి (పిచ్), బిగ్గరతనం, ధ్వనిలో ఏ పౌనఃపున్యాలు బలంగా ఉన్నాయన్నది కొలుస్తాయి. వాటికి మాట వేగం, విరామాలు కలుస్తాయి. వీటిలో బాగా తెలిసేది మనిషి ఎంత ఉద్రేకంగా ఉన్నాడన్నదే. ఆ ఉద్రేకం సంతోషానిదా, కోపానిదా అన్నది గొంతులో అంత తేలిగ్గా దొరకదు. కోపంలోనూ పట్టలేని సంతోషంలోనూ స్థాయి పెరుగుతుంది, గొంతు బిగ్గరవుతుంది, మాట వేగం అందుకుంటుంది. యంత్రాలు ఈ రెండింటినీ తరచూ తారుమారు చేసేది అందుకే.

మన రైతు విషయంలో భావం కాకుండా ఇంకో కారణం ఉంది. చుట్టూ రొద ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు, స్థాయి రెండూ పెంచుతాడు. దీన్ని 1911లో ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ వివరించాడు. ఏరియేటర్ పక్కన జరిగేది అదే.

లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే. ఆ కాల్‌లో రైతు సగటు స్థాయి 180 హెర్ట్జ్ అనుకుందాం. సాఫ్ట్‌వేర్ మగవాళ్ల మామూలు స్థాయి 120 అని పెట్టుకుంటే, 180 అంటే ఒకటిన్నర రెట్లు. సంగీతంలో చెప్పాలంటే షడ్జమం నుంచి పంచమానికి, అంటే 7 స్వరస్థానాలు పైకి వెళ్లినట్టు. అంత ఎత్తు చూస్తే యంత్రం కోపమనే అంటుంది. అదే ఆయన పాత కాల్స్ తీసి, గుంట దగ్గర ఆయన ఎప్పుడూ మాట్లాడే స్థాయి 160 అని తెలుసుకుంటే, తేడా షడ్జమం నుంచి చతుశ్శ్రుతి రిషభానికి, 2 స్వరస్థానాలే. గొంతు అదే, రికార్డింగ్ అదే. దేనితో పోల్చామన్నది మారగానే ఫలితం మారిపోయింది.

దీనికి తోడు మన నెల్లూరు యాస. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివర సాగదీయడానికి, ఎత్తడానికి చోటుంటుంది. 'ఎప్పుడొస్తాదీ' అన్నప్పుడు ఆ చివరి దీర్ఘం ప్రశ్నకు గుర్తు. ఇలాంటి సాగతీత, ఎత్తు వేరే భాషలో విసుగుకో ఆశ్చర్యానికో గుర్తయి ఉండొచ్చు. ఆ భాషలో నేర్చుకున్న యంత్రం ఇక్కడికొచ్చి మన ప్రశ్నను విసుగుగా వింటుంది.

ఇక యంత్రం నేర్చుకునే పాఠాలు. పరిశోధనల్లో ఎక్కువగా వాడే బెర్లిన్ జర్మన్ రికార్డింగుల్లో ఉన్నది 10 మంది నటులు. తెలుగులో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2009లో తెచ్చిన సంకలనం నిజంగా విలువైన పని. విజయవాడ ఆకాశవాణి కళాకారులు 10 మంది, 15 వాక్యాలను 8 భావాల్లో, 10 విడతలుగా చదివారు. మొత్తం 12,000 రికార్డింగులు. వాక్యాలు అవే కాబట్టి మాటల అర్థం నుంచి యంత్రానికి సాయం దొరకదు, గొంతునే నమ్ముకోవాలి. అయితే అది శిక్షణ ఉన్న గొంతు, అడిగితే చూపించిన భావం. గట్టు మీద మనిషి కోపం వచ్చినా సగం మింగేసి మాట్లాడతాడు.

పరీక్షించే పద్ధతిలోనూ ఒక లోపం దూరుతుంది. ఒకే మనిషి రికార్డింగుల్లో కొన్నింటితో నేర్పి, మిగతావాటితో పరీక్షిస్తే మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి. యంత్రానికి ఆ గొంతు ముందే పరిచయం మరి. ఒక మనిషిని పూర్తిగా పక్కనబెట్టి, నేర్పడం అయ్యాక ఆయన గొంతు వినిపిస్తే మార్కులు పడిపోతాయి. అమ్మేవాళ్లు చెప్పే శాతం ఏ పద్ధతిలో వచ్చిందో అడగకుండా కొనకూడదు.

నన్ను కలవరపెట్టేది కాల్‌లోని భావానికి యంత్రం వేసే స్కోరును ఉద్యోగి మీద వాడటం. రైతు గొంతు పెంచాడని, కస్టమర్‌కు కోపం తెప్పించావంటూ ఆ అమ్మాయి ఇన్సెంటివ్ కోస్తే అది అన్యాయం. పనిచేసే చోట, చదువుకునే చోట గొంతు వంటి శరీర లక్షణాల నుంచి భావాలను ఊహించే వ్యవస్థలను యూరోపియన్ యూనియన్ 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. వైద్య, భద్రతా అవసరాలకే మినహాయింపు. మన దగ్గరా ఉద్యోగుల విషయంలో అదే గీత గీయాలని నా అభిప్రాయం.

కాల్స్‌లో ఏది ముందు వినాలో తేల్చుకోవడం వరకు వాడుకోవచ్చు. అప్పుడు కూడా ఒంగోలు, నెల్లూరు మాట తెలిసినవాళ్లు కొన్ని వందల నిజమైన కాల్స్ విని వేసిన గుర్తులతో యంత్రం ఫలితాలను పోల్చి చూడాలి. మనిషిని అతని పాత కాల్స్‌తోనే పోల్చాలి. మొదటిసారి ఫోన్ చేసినవాళ్లకు పోల్చడానికి ఏమీ ఉండదు కాబట్టి, వాళ్ల స్కోరు గడి ఖాళీగా వదిలేయాలి.